కొత్తగా చెవి కుట్టించాక ఏ దుద్దు పెట్టాలి, ఎప్పుడు మార్చాలి

చెవులు కుట్టించాలనుకున్నప్పుడు మన ఇళ్లలో ముహూర్తం, మేనమామ ఎప్పుడొస్తాడు, ఏ షాపులో కొనాలి, ఎన్ని గ్రాములు, అన్నీ మాట్లాడుకుంటాం. దుద్దు కాడ ఎంత పొడుగుండాలి, సీల ఎంత బిగించాలి, మొదటి దుద్దు ఎప్పుడు తీయొచ్చు అనేవి మాత్రం చెవి ఎర్రబడ్డాకే గుర్తొస్తాయి. నేను చెవులు కుట్టే పనిలోనే ఉన్నాను. కాస్త చూడండి అంటూ నా దగ్గరకు వచ్చేవాళ్లలో కుట్టడం తప్పయినవాళ్లు తక్కువ, పెట్టిన వస్తువు సరిపడనివాళ్లు, తొందరపడి మార్చేసినవాళ్లు చాలా ఎక్కువ. అందుకని కుట్టే పద్ధతి గురించి రెండు ముక్కలే చెప్పి, మొదటి దుద్దు గురించి, దాన్ని ఎన్నాళ్లుంచాలి అనే దాని గురించి వివరంగా రాస్తున్నాను. రాసేదంతా ముఖ్యంగా తమ్మె గురించి, అంటే చెవి కింద మెత్తగా వేలాడే భాగం గురించి. పైచెవికి లెక్కలు వేరు, అవి తర్వాత విడిగా చెప్తాను.

ముందు ఒక సంగతి అర్థం చేసుకోండి, మిగతావన్నీ దాని నుంచే వస్తాయి. సూది దిగినప్పుడు తమ్మెలో ఒక గాయం అవుతుంది, ఆ గాయం మూసుకుపోకుండా దుద్దు కాడ అడ్డం ఉంటుంది. అప్పుడు చర్మం ఏం చేస్తుందంటే, ముందు నుంచి, వెనక నుంచి కాడ చుట్టూ కొద్దికొద్దిగా లోపలికి పెరుగుతూ వచ్చి మధ్యలో కలుసుకుంటుంది. అలా కలిసేదాకా రంధ్రం లోపల పచ్చిగానే ఉంటుంది. బయటి అంచులు ముందే మానతాయి కాబట్టి మూడో వారానికే చెవి చూడ్డానికి బాగైపోయినట్టు ఉంటుంది, నొప్పీ ఉండదు. సరిగ్గా అప్పుడే చాలామంది దుద్దు మార్చేస్తారు. తీసేటప్పుడు లోపలి లేత చర్మం గీసుకుపోతుంది, మళ్లీ రసి, మళ్లీ వాపు, లెక్క మళ్లీ మొదటి నుంచి.

లోహం దగ్గర మొదలుపెడదాం

మన దగ్గర మొదటి దుద్దు అంటే బంగారమే. అది మంచి అలవాటే, కానీ "బంగారం కదా" అని అక్కడితో ఆగిపోకండి. పచ్చి గాయంలో ఉండేది ముందు కనిపించే పువ్వో రాయో కాదు, కాడ. కొనేటప్పుడు షాపులో కాడ గురించి, సీల గురించి అడగండి: ఇవి కూడా అదే క్యారెట్ బంగారమా, కాడ పువ్వుకి దేంతో అతికారు అని. 22 క్యారెట్లంటే 91.6 శాతం బంగారం, మిగతాది మామూలుగా వెండి, రాగి. ఇది చాలామందికి పడుతుంది. కాకపోతే మెత్తగా ఉంటుంది, అందుకే కొన్నిసార్లు సీల వరకు తక్కువ క్యారెట్‌లో చేస్తారు. 18 క్యారెట్లు, 14 క్యారెట్లు గట్టిగా ఉంటాయి, కాడ వంగదు, గీతలు తక్కువ పడతాయి. అందులో నికెల్ లేదని షాపువాళ్లు కచ్చితంగా చెప్పగలిగితే పచ్చి చెవికి అవీ మంచివే. వైట్ గోల్డ్ జోలికి మాత్రం మొదటిసారి వెళ్లొద్దు. ఆ తెల్ల రంగు కోసం చాలాచోట్ల నికెల్ కలుపుతారు, పైన వేసిన పూత అరిగాక అది చర్మానికి తగులుతుంది.

హాల్‌మార్క్ ఉంది కదా అంటారు. చూడండి, 2 గ్రాముల లోపు వస్తువులకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. చంటిపాప దుద్దులు, చిన్న బుటాలు చాలావరకు ఆ బరువులోనే ఉంటాయి. అంటే సరిగ్గా మీకు నమ్మకం కావాల్సిన వస్తువు మీదే ముద్ర ఉండకపోవచ్చు. ముద్రతో దొరికితే 916, 750, 585 అని ఉంటుంది, అవి వరసగా 22, 18, 14 క్యారెట్లు. దొరక్కపోతే తెలిసిన షాపులో కొని, బిల్లు మీద క్యారెట్ రాయించుకోండి.

అమ్మమ్మ దాచి ఉంచిన పాత దుద్దులు పెట్టాలని చాలా ఇళ్లలో ముచ్చటపడతారు. ఆ ముచ్చట కాదనను, కానీ మొదటిసారి కాదు. పాత నగల్లో అతుకులకు కాడ్మియం వాడేవాళ్లు, కేడీఎం అని మనం వినే మాట అదే. పైగా ఏళ్లతరబడి వాడిన కాడ మీద సన్నటి గీతలుంటాయి, వాటిలో మురికి ఇరుక్కుంటుంది, లేత చర్మానికి అది రాపిడి. చెవి పూర్తిగా మానాక వాటిని కంసాలి దగ్గర మెరుగు పెట్టించి, కాడ మార్పించి పెట్టండి. ఒక ఏడాది ఆగితే ఆ నగకూ ఏం కాదు, చెవికీ ఏం కాదు.

వన్ గ్రామ్ గోల్డ్, మచిలీపట్నం దగ్గర చిలకలపూడిలో చేసే రోల్డ్ గోల్డ్ నగలు ఎంత అందంగా ఉన్నా పచ్చి చెవికి పనికిరావు. లోపల రాగో ఇత్తడో ఉంటుంది, పైన బంగారం పలచటి పొర. చెమట, రసి తగిలే చోట ఆ పొర త్వరగా పోతుంది. వెండి కూడా వద్దు. గాయంలో వెండి నల్లబడుతుంది, ఒక్కోసారి ఆ నలుపు చర్మంలోకి దిగి రంధ్రం చుట్టూ బూడిద రంగు మచ్చగా మిగిలిపోతుంది, అది పోదు.

ఇక టైటానియం. నన్నడిగితే, ఇంట్లో ఎవరికైనా ఇమిటేషన్ నగలు పెడితే దురద వస్తుందన్నా, వాచీ బెల్టు బకిల్ దగ్గర, జీన్స్ బొత్తాం దగ్గర దద్దుర్లు వస్తాయన్నా, ఇంకేం ఆలోచించకుండా దీనికే వెళ్లండి. ఆ దురదకు ఎక్కువగా కారణం నికెల్. శరీరంలో అమర్చే పరికరాలకు వాడే రకం టైటానియం ఉంటుంది, ప్యాకెట్ మీద గానీ అమ్మేవాళ్ల వివరాల్లో గానీ ASTM F136 అని ఉండాలి. "టైటానియం ఫినిష్", "టైటానియం కోటెడ్" అంటే అది టైటానియం కాదు, వేరే లోహం మీద పూత. సర్జికల్ స్టీల్ అన్న పేరు చూసి కూడా మోసపోవద్దు, ఆ పేరుతో ఏ రకం స్టీలైనా అమ్మొచ్చు. బాగా తెలిసిన 316ఎల్ స్టీల్‌లోనే 10 నుంచి 14 శాతం నికెల్ ఉంటుంది. అది బయటికి తక్కువగా వస్తుంది కాబట్టి చాలామందికి ఏం కాదు, నికెల్ పడనివాళ్లకి మాత్రం పచ్చి గాయంలో అది చాలు. అయస్కాంతం పెట్టి చూసి అంటుకోలేదు, మంచిదే అనేవాళ్లున్నారు. 316ఎల్ కూడా అంటుకోదు, కాబట్టి ఆ పరీక్ష వల్ల నికెల్ సంగతి తేలదు.

కాడ, సీల

లోహం ఎంత మంచిదైనా కొలత తప్పితే లాభం లేదు. నేను చూసే ఇబ్బందుల్లో సగం ఇక్కడివే.

కుట్టిన మొదటి నాలుగైదు రోజులు తమ్మె వాస్తుంది. అది మామూలే. ఆ వాపుకి చోటు ఉండాలి. అంటే తమ్మె మందం కంటే కాడ 2 నుంచి 3 మిల్లీమీటర్లు పొడుగుండాలి, సీల బిగించాక తమ్మెకీ సీలకీ మధ్య దాదాపు రెండు రూపాయి బిళ్లలు పేర్చినంత సందు కనబడాలి. దుద్దు ముందుకీ వెనక్కీ కొంచెం ఆడుతూ ఉంటే సరిగ్గా ఉన్నట్టు. మన ఇళ్లలో ఊడిపోతుందేమో అని సీలను చివరిదాకా తిప్పేస్తారు, రెండో రోజుకి వాపొచ్చి సీల వెనక నుంచి తమ్మెలోకి దిగబడుతుంది. చిన్న బుటాలైతే ఇంకా ప్రమాదం, ముందు వైపు నుంచి కూడా పువ్వు లోపలికి జారి పైన చర్మం కప్పేస్తుంది. రోజూ ఒకసారి అద్దంలో కాదు, ఇంకొకరిచేత వెనక వైపు చూపించుకోండి. సీల చుట్టూ చర్మం అంచు కట్టినట్టు ఉబ్బి ఉంటే వెంటనే వదులు చేయించాలి.

మన సంప్రదాయ దుద్దుల్లో ఇంకో చిక్కు మర. కాడ మీద మర గీతలుంటాయి కదా, దాన్ని పచ్చి రంధ్రంలోంచి లాగినప్పుడల్లా లోపలి చర్మం మీద ఆకురాయి ఆడినట్టవుతుంది. అందుకే మొదటి దుద్దుకి కాడ నున్నగా ఉండేది ఎంచుకోండి. ఇప్పుడు ఫ్లాట్‌బ్యాక్ అని దొరుకుతున్నాయి, వెనక పలచటి బిళ్ల, దానికే నున్నటి కాడ అతికి ఉంటుంది, ముందు నుంచి పువ్వు అమరుతుంది. పడుకున్నప్పుడు గుచ్చుకోదు, జుట్టు ఇరుక్కోదు. మర దుద్దే పెట్టాలనుకుంటే కనీసం మర చివర్లో మాత్రమే ఉండి, తమ్మెలో ఉండే భాగం నున్నగా ఉండేలా చేయమని కంసాలిని అడగండి. అడిగితే చేస్తారు.

మందం 1 మిల్లీమీటరు ఉంటే బాగుంటుంది, పిల్లలకు 0.8 అయినా సరే. అంతకంటే సన్నటి కాడ అయితే తమ్మెను కిందికి కోసుకుంటూ పోతుంది, ఆ గీత పెద్దయ్యాక పొడుగాటి చీలికగా కనిపిస్తుంది. సీతాకోకచిలుక ఆకారంలో నొక్కి పెట్టే బిగింపులుంటాయి చూడండి, పార్లర్లలో గన్‌తో కుట్టాక అవే వస్తాయి, వాటి మడతల్లో రసి, నూనె చేరి గట్టిపడుతుంది. అవి వచ్చాయంటే శుభ్రం చేసేటప్పుడు వెనక వైపు ఇంకాస్త శ్రద్ధ పెట్టాలి.

కంసాలి బంగారు తీగతో కుట్టి అదే తీగను పోగులా చుట్టే పద్ధతి ఇంకా చాలా ఊళ్లలో ఉంది. తీగ నున్నగా ఉంటుంది, వాపుకి చోటుంటుంది, ఆ రెండూ మంచివే. చూసుకోవాల్సింది ఏంటంటే, ఆ తీగ మీ పాపకోసం కొత్తగా తీసినదై ఉండాలి, చుట్టిన కొస బయటికి పొడుచుకు రాకుండా లోపలికి మడిచి ఉండాలి. లేకపోతే తువాలు తగిలిన ప్రతిసారీ లాగేస్తుంది.

కుట్టే చోట

సూది కొత్తది, ప్యాకెట్ మీ ముందే చించాలి. చేతులకు కొత్త గ్లౌజులు. గన్‌తో కుట్టే చోట గన్ శరీరం ప్లాస్టిక్ కాబట్టి ఆవిరి యంత్రంలో పెట్టి శుద్ధి చేయడం కుదరదు, ఊరికే స్పిరిట్‌తో తుడుస్తారు. తమ్మెకి చాలామంది అలానే కుట్టించుకుంటున్నారు, కానీ పైచెవికి గన్ ఎప్పుడూ వద్దు. చంటిపిల్లలకైతే 6, 10, 14 వారాల టీకాలు మూడూ అయ్యాక కుట్టించండి, ధనుర్వాతం టీకా అందులోనే ఉంటుంది. పదకొండో రోజు ఆచారం ఉన్న ఇళ్లలో ముహూర్తానికి చెవికి తీగ తాకించి, అసలు కుట్టడం నాలుగో నెలకి పెట్టుకున్నవాళ్లున్నారు.

రోజూ చేయాల్సింది

పొద్దున, రాత్రి, రెండుసార్లు చాలు. మెడికల్ షాపులో నార్మల్ సెలైన్ చిన్న బాటిల్ దొరుకుతుంది. 0.9 శాతం సోడియం క్లోరైడ్ అని రాసి ఉంటుంది. చేతులు సబ్బుతో కడుక్కుని, గాజు గుడ్డను సెలైన్‌లో తడిపి ముందూ వెనకా ఒక నిమిషం ఆనించి ఉంచండి. ఎండిన రసి దానంతటదే మెత్తబడి ఊడొస్తుంది, రానిదాన్ని గిల్లొద్దు. తర్వాత పొడి గాజు గుడ్డతో అద్దండి. దూది వాడొద్దు, పోగులు కాడకి చుట్టుకుంటాయి. బాటిల్ తెరిచాక మీద రాసిన గడువు లోపలే వాడండి, పిల్లలకు అందకుండా మూత పెట్టి ఉంచండి. సెలైన్ దొరకని చోట, మరగబెట్టి చల్లార్చిన పావు లీటరు నీళ్లలో పావు చెంచా ఉప్పు కలిపి ఏ పూటకాపూట చేసుకోవచ్చు. ఉప్పు ఎక్కువేస్తే ఎక్కువ మేలు అనుకోకండి, చర్మం ఎండి పగులుతుంది.

దుద్దును తిప్పమని మనకి పాతకాలం నుంచి చెప్తూ వచ్చారు, అతుక్కుపోతుందని. అతుక్కుపోదు. తిప్పితే జరిగేది ఒక్కటే, కాడకి ఎండిన రసి గరుకుగా లోపల రాసుకుని లేత చర్మాన్ని చీలుస్తుంది. దాన్ని వదిలేయండి.

పసుపు, కొబ్బరినూనె పెట్టొద్దంటే పెద్దవాళ్లకి కోపం వస్తుంది, తెలుసు. పసుపు పొడి రంధ్రం మూతి దగ్గర గడ్డకట్టి లోపలి రసి బయటికి రానివ్వదు, నూనె దుమ్మును పట్టి ఉంచుతుంది. డెటాల్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా రోజూ వాడితే కొత్త చర్మాన్నే చంపుతాయి. వేపపుల్ల, చీపురుపుల్ల గుచ్చి ఉంచడం ఇంకా కొన్ని ఊళ్లలో చూస్తున్నాను. దుద్దు పోయినా, బంగారం పడకపోయినా సరే, ఆ పుల్లలు పచ్చి గాయంలో పెట్టకండి. వాటిని శుద్ధి చేయడం కుదరదు, పైగా ముక్క విరిగి లోపలే ఉండిపోవచ్చు.

తలకి నూనె రాసేటప్పుడు చెవి దగ్గరకు రానివ్వొద్దు, తలస్నానం అయ్యాక షాంపూ నురగ పోయేలా మంచి నీళ్లు పోసి ఆరబెట్టండి. దిండు గలీబు రెండు మూడు రోజులకోసారి మార్చండి. ఈతకొలను, చెరువు, నదీస్నానం, పుష్కరమైనా సరే, మొదటి ఆరు వారాలు మునగడం వద్దు.

ఇక తేదీలు

ఒక లెక్క వేసి చూద్దాం. పన్నెండేళ్ల అమ్మాయికి సెలవుల్లో మే 3న తమ్మెలు కుట్టించారనుకోండి, ఆగస్టు చివర్లో శ్రావణంలో పిన్ని పెళ్లి, ఆ పెళ్లికి బుట్టలు పెట్టుకోవాలని ఆశ.

మే 8 దాకా వాపు, నొక్కితే నొప్పి, కాడ దగ్గర నీళ్లలాంటి లేత పసుపు రసి. ఇది చీము కాదు, ఎండితే తెల్లటి పొక్కులా అవుతుంది. మే చివరికి నొప్పి పోతుంది, అమ్మాయి దుద్దు మారుస్తానంటుంది, మార్చొద్దు. జూన్ 14కి ఆరు వారాలు. మార్చడానికి అన్నిటికన్నా ముందు తేదీ ఇదే, అదీ చెవి సిద్ధంగా ఉంటేనే. ఆగొచ్చు అనుకుంటే నేను జులై మొదటి వారం దాకా ఆగమంటాను. మూడు నెలలు, అంటే ఆగస్టు 3 దాకా ఆగితే ఇంక టెన్షనే ఉండదు. ఆ మొదటి మార్పు కూడా ఇంకో చిన్న దుద్దుకే, బుట్టలకి కాదు. మొదట పెట్టిన పొడుగు కాడ వాపు తగ్గాక అటూ ఇటూ ఊగుతూ రంధ్రాన్ని వంకర చేస్తుంది కాబట్టి, మార్చేటప్పుడు అదే మందంలో కాస్త పొట్టి కాడ పెట్టండి.

ఇక ఆగస్టు చివర్లో పెళ్లి. పదహారు వారాలు దాటాయి, చెవి బాగుంటే ముహూర్తం టైమ్‌కి తేలిక బుట్టలు పెట్టొచ్చు, కానీ మాటీలు తగిలించి బరువంతా జుట్టులోకి వెళ్లేలా కట్టండి. ఫొటోలయ్యాక తీసేసి వెంటనే చిన్న దుద్దు పెట్టేయాలి. బుట్టలతో పడుకోనివ్వొద్దు. రోజూ వేలాడే కమ్మలు పెట్టుకోవడం, రంధ్రం ఖాళీగా వదిలేయడం, ఇవి రెండూ మరుసటి మే తర్వాతే. మొదటి ఏడాదిలో ఒక్క రాత్రి ఖాళీగా ఉన్నా పొద్దునకి దుద్దు దూరని చెవులు చాలా ఉంటాయి.

పరీక్షలున్న పిల్లల గురించి ఒక మాట. నీట్ హాల్లోకి చెవిపోగులు, ముక్కుపుడక రానివ్వరు, గేటు దగ్గర తీయిస్తారు. ఆ పరీక్ష మామూలుగా మే మొదట్లో ఉంటుంది. ఫిబ్రవరిలోనో మార్చిలోనో రెండో కుట్టు కుట్టించుకుని వచ్చి, పరీక్ష ముందు రోజు తీయమని అడిగిన పిల్లలున్నారు. తీస్తే మూసుకుపోతుంది, తీయకపోతే లోపలికి పంపరు. పరీక్ష రాసి ఇంటికొచ్చాక కుట్టించుకోండి.

మార్చే రోజు

ముందు చెవి సిద్ధమా కాదా చూడండి. ఉదయం శుభ్రం చేయకముందే చూడాలి. కాడ చుట్టూ పొక్కు లేదు, రసి లేదు, ఎరుపు లేదు, తమ్మెను రెండు వేళ్లతో నొక్కినా నొప్పి లేదు, రంధ్రం అంచు లోపలికి చిన్న గుంటలా తిరిగి ఉంది. ఇవన్నీ వారం రోజులుగా అలాగే ఉంటేనే మార్చండి. వీటిలో ఏదైనా ఒకటి తేడాగా ఉంటే ఇంకో రెండు వారాలు ఆగండి, తేదీ దాటినా సరే.

కొత్త దుద్దును సబ్బు నీళ్లతో కడిగి, సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. వాష్‌బేసిన్ మీద నిలబడి చేయకండి, సీల జారి కిందికి పోతుంది, మంచం మీద తెల్ల తువాలు పరిచి కూర్చోండి. చెవిని సెలైన్‌తో తడిపి రెండు మూడు నిమిషాలు నాననివ్వండి. ఒక చెవి పూర్తయ్యాకే రెండోది ముట్టుకోండి. సీల తిప్పేటప్పుడు ముందు పువ్వును కదలకుండా పట్టుకుని వెనక సీలను మాత్రమే తిప్పాలి, రెండూ తిరిగితే కాడ లోపల తిరుగుతుంది. పాతది నెమ్మదిగా తీసిన వెంటనే తమ్మెను కొద్దిగా కిందికి, వెనక్కి లాగి పట్టుకుని కొత్త కాడను సెలైన్‌లో తడిపి, కుట్టినప్పుడు సూది వెళ్లిన కోణంలోనే దూర్చండి. వెనక వైపు వేలు ఆనించి ఉంచితే కొస ఎక్కడికి వస్తుందో తెలుస్తుంది. దారి దొరక్కపోతే బలవంతంగా నెట్టొద్దు. నెడితే పక్కకి కొత్త రంధ్రం పడుతుంది, అలా పడ్డవి నేను చూశాను, ఒకే మూతికి లోపల రెండు దారులు. అలా అయితే పాత దుద్దునే మళ్లీ పెట్టేసి, అదీ దూరకపోతే ఆ రోజే కుట్టినవాళ్ల దగ్గరకు వెళ్లండి. మొనదేలిన నున్నటి కడ్డీతో వాళ్లు దారి తీసి పెడతారు.

మార్చిన రెండు రోజులు కాస్త ఎరుపు ఉండొచ్చు, మళ్లీ సెలైన్ మొదలుపెట్టండి.

పైచెవి

పైన గట్టిగా ఉండే భాగం మృదులాస్థి, దానికి సొంతంగా రక్తనాళాలు ఉండవు, పైనున్న పొర నుంచే అందాలి. అందుకే మానడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. అక్కడ ఆరు నుంచి ఎనిమిది వారాలకు కుట్టినవాళ్ల దగ్గరే పొడుగు కాడ తీయించి పొట్టిది వేయించుకోవడం తప్ప, మీ అంతట మీరు ఏడాది లోపు మార్చకండి. రింగులు వద్దు, అవి తిరుగుతాయి. ఒక వైపే కుట్టించుకోండి, లేకపోతే ఏడాదంతా ఏ పక్కకి పడుకోవాలో తెలియదు. హెల్మెట్ పెట్టుకునేవాళ్లకి ఇది ఇంకా కష్టం, తీసేటప్పుడు రెండు చేతులతో పక్కలకి విప్పి పైకి ఎత్తండి.

తేడా వస్తే ఎలా తెలుస్తుంది

దురద ఎక్కువ, నొప్పి తక్కువ, రెండు చెవులకీ ఉంది, లోహం తగిలిన మేరకే చర్మం తడిగా, పొలుసుగా ఉంది అంటే లోహం పడలేదు. ఎంత శుభ్రం చేసినా తగ్గదు. రంధ్రం ఖాళీగా వదలకుండా టైటానియం దుద్దుకి మార్పించండి, కొద్ది రోజుల్లోనే తేడా కనిపిస్తుంది. ఇందుకోసమైతే ఆరు వారాలు ఆగక్కర్లేదు, కానీ ఇంట్లో కాదు, కుట్టినవాళ్లు మార్చాలి.

నొప్పి రోజురోజుకీ పెరుగుతోంది, ముట్టుకుంటే వేడిగా ఉంది, చిక్కటి పసుపు లేదా పచ్చ చీము, వాసన, జ్వరం. ఇది ఇన్ఫెక్షన్. ఇక్కడ అందరూ మొదట చేసే పని దుద్దు పీకేయడం. డాక్టర్ చెప్తే తప్ప తీయకండి, తీస్తే మూతి మూసుకుపోయి చీము లోపలే గడ్డ కడుతుంది. తమ్మెలో దిగబడిపోయిన దుద్దు మాత్రం వేరే, దాన్ని డాక్టరే తీయాలి, మీరు గోళ్లతో ప్రయత్నించొద్దు.

పైచెవి కుట్టాక చెవి పైభాగమంతా ఎర్రగా ఉబ్బి, కింద తమ్మె మాత్రం మామూలుగా ఉందంటే రేపటిదాకా ఆగొద్దు, ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరకు ఆ రోజే వెళ్లండి. అది మృదులాస్థి పొరకి పట్టిన ఇన్ఫెక్షన్, ఆలస్యమైతే మృదులాస్థి కరిగి చెవి ఆకారమే ముడుచుకుపోతుంది. దీనికి కారణమయ్యే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాకి మెడికల్ షాపులో మామూలుగా ఇచ్చే చాలా యాంటీబయాటిక్స్ పని చేయవు.

బుడిపెలు రెండు రకాలు. రంధ్రం పక్కనే ఎర్రగా, తడిగా, కుట్టిన కొద్ది వారాల్లోనే వచ్చేది రాపిడి వల్ల వచ్చేది. పొడుగు కాడ ఊగడం, ఒకే పక్కకి పడుకోవడం, తిప్పడం లాంటి కారణం ఆపితే రెండు మూడు నెలల్లో తగ్గుతుంది. కుట్టిన కొన్ని నెలల తర్వాత మొదలై, గట్టిగా నున్నగా, రంధ్రం హద్దు దాటి పెరుగుతూ పోయేది కీలాయిడ్. అది మన చర్మాల్లో తక్కువేం కాదు, ఇంట్లో అమ్మకో అన్నకో ఉంటే మీకూ వచ్చే అవకాశం ఎక్కువ. అలాంటి ఇళ్లవాళ్లు పైచెవి జోలికి వెళ్లకపోవడమే మంచిది. కీలాయిడ్‌ను కోసేస్తే చాలనుకుంటే మళ్లీ వస్తుంది, చాలాసార్లు ముందుకన్నా పెద్దదిగా. చర్మవైద్యులు అందులోకి ఇంజెక్షన్లు ఇస్తారు, చిన్నగా ఉన్నప్పుడే వెళ్తే బాగా పని చేస్తుంది.

రెండింటిలో ఏ బుడిపెకైనా, ఎరుపుకైనా మెడికల్ షాపువాళ్లు ఇచ్చే తెల్ల క్రీము రాయకండి. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజులు ఎరుపు తగ్గి బాగైనట్టు కనిపిస్తుంది, లోపల గాయం మానడం ఆగిపోతుంది, ఇన్ఫెక్షన్ ఉంటే అది దాక్కుని పెరుగుతుంది. ఇప్పటికే రాస్తున్నట్లయితే ఆ ట్యూబు పారేయకుండా డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లి చూపించండి.